రేకు డబ్బా స్టిర్లింగ్ ఇంజిన్ డైరీ: ఏ వేడితో భాగించాలి?

ఫిబ్రవరి 8, శనివారం

థర్మల్ ఇంజినీరింగ్ కోర్సులో మినీ ప్రాజెక్టుకి, లోపల మూసి ఉన్న గాలి వేడెక్కి చల్లబడుతూ తిప్పే స్టిర్లింగ్ ఇంజిన్ తీసుకున్నాం, నేనూ నా పార్ట్‌నరూ. తిరిగే బొమ్మ చూపిస్తే సరిపోదని సార్ మొదటి రోజే చెప్పేశారు. "తిరగడం అందరూ చూపిస్తారమ్మా, నాకు ఎఫిషియెన్సీ ఒక అంకెగా కావాలి, ఆ అంకె ఎలా వచ్చిందో కూడా కావాలి" అన్నారు. అందుకే ఈ డైరీ. ఏ రోజు ఏం కొలిచామో ఆ రోజే రాసుకోకపోతే చివర్లో అన్నీ కలగాపులగం అయిపోతాయి.

ఇవాళ సామాను పోగుచేశాం. పటమటలో మా ఇంటి దగ్గర బేకరీ అంకుల్ ఇచ్చిన పైనాపిల్ ముక్కల టిన్ను ఒకటి, 75 మి.మీ. వెడల్పు, 110 మి.మీ. ఎత్తు. కూల్‌డ్రింక్ డబ్బాలు రెండు, ఇవి 66 మి.మీ. ఉంటాయి. టిన్నులో కూల్‌డ్రింక్ డబ్బా పెడితే చుట్టూ నాలుగున్నర మి.మీ. సందు మిగులుతుంది. ఆటోనగర్లో బాబాయి షెడ్డు నుంచి సైకిల్ చువ్వలు, సిలికాన్ గాస్కెట్ పేస్టు, సన్నటి స్టీలు తీగ తెచ్చాను. ఫ్లైవీల్‌కి పాత సీడీలు నాలుగు అతికించాం.

ఫిబ్రవరి 15

కూల్‌డ్రింక్ డబ్బాల అడుగు భాగాలు రెండు కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికిస్తే లోపల ఖాళీగా ఉన్న తేలికైన మూసిన డబ్బా తయారైంది. ఇదే డిస్‌ప్లేసర్. పెద్ద టిన్ను లోపల ఇది పైకీ కిందికీ ఆడుతుంది, కానీ పిస్టన్ లాగా గోడకి అంటుకుని గాలిని నొక్కదు. దీని పని గాలిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోలడమే. డిస్‌ప్లేసర్ పైకి వెళ్తే గాలి పక్క సందులోంచి కిందికి దిగి, మంట తగులుతున్న అడుగు దగ్గరికి చేరుతుంది, వేడెక్కుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. డిస్‌ప్లేసర్ కిందికి వస్తే అదే గాలి పైకి, నీళ్ళతో చల్లగా ఉన్న వైపుకి పోతుంది, ఒత్తిడి తగ్గుతుంది. టిన్ను పైభాగం నుంచి ఒక పీవీసీ ఎల్బో తీసి దాని మూతికి బెలూన్ రబ్బరు బిగించాం. ఒత్తిడి పెరిగినప్పుడు రబ్బరు ఉబ్బి క్రాంకుని తోస్తుంది, తగ్గినప్పుడు బయటి గాలి దాన్ని లోపలికి తోస్తుంది. లోపలి గాలి బయటికి పోదు, బయటి గాలి లోపలికి రాదు. మండించడం అంతా బయటే.

రెండు క్రాంకుల మధ్య 90 డిగ్రీలు ఉండాలి, డిస్‌ప్లేసర్ ముందు, రబ్బరు వెనక. పుస్తకంలో ఈ మాట ఎన్నిసార్లు చదివినా చువ్వ వంచేటప్పుడు ఏది ముందో తేల్చుకోవడానికి మాకు గంట పట్టింది. చివరికి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూశాం. డిస్‌ప్లేసర్ పూర్తిగా పైన ఉన్నప్పుడు రబ్బరు సగం దారిలో ఉండి బయటికి వస్తూ ఉండాలి. అది లోపలికి పోతోందంటే మీరు తిప్పుతున్న దిశకి ఇంజిన్ ఎదురు తిరుగుతుంది.

ఫిబ్రవరి 22

తిరగలేదు. స్పిరిట్ దీపం పెట్టాం, చక్రం చేత్తో తిప్పితే మూడు చుట్లు తిరిగి ఆగిపోతోంది. పార్ట్‌నర్ ఫ్లైవీల్ బరువు పెంచుదాం అంది. నాకు మాత్రం ముందు గాలి లీకు సంగతి తేల్చాలనిపించింది. చక్రం, క్రాంకు అన్నీ ఊడదీసి, మంట పెట్టి, డిస్‌ప్లేసర్ తీగని చేత్తో పైకీ కిందికీ ఆడించాం. తీగ పైకి లాగగానే రబ్బరు ఉబ్బాలి, వదలగానే లోపలికి పీల్చుకోవాలి. మాది ఉబ్బుతోంది, కానీ తీగని పైనే పట్టుకుని ఆగితే ఒక్క సెకనులో మళ్ళీ చదునైపోతోంది. అంటే ఒత్తిడి పుడుతోంది, నిలవడం లేదు. సబ్బు నీళ్ళు రాస్తే డిస్‌ప్లేసర్ తీగ బయటికి వచ్చే కన్నం దగ్గర బుడగలు వచ్చాయి. ఆ కన్నంలో రీఫిల్ ఇత్తడి గొట్టం ముక్క ఒకటి నిలబెట్టి చుట్టూ సిలికాన్ పెట్టి, తీగకి ఒక చుక్క కుట్టు మిషను నూనె వేశాం.

ఇలాంటి ఇంజిన్ చేసేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇదే. చక్రం తగిలించకముందే ఈ తీగ పరీక్ష చేయండి. చక్రం ఉంటే తిరగకపోవడానికి పది కారణాలు కనిపిస్తాయి, లేకపోతే లీకు ఒక్కటే కనిపిస్తుంది.

రాత్రి ఎనిమిదింటికి మొదటిసారి దానంతటది తిరిగింది. టక్ టక్ టక్ అని రబ్బరు కొట్టుకుంటుంటే ఇంట్లో వాళ్ళంతా వచ్చి చూశారు. ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కబెడితే నిమిషానికి 250 చుట్లు, బరువేమీ లేకుండా.

మార్చి 1

ఇప్పుడు అసలు పని. ముందు బయటికి వచ్చే పవర్ కొలవాలి. ఇంత చిన్న ఇంజిన్‌కి డైనమో తగిలిస్తే దాని రాపిడికే ఆగిపోతుంది, అందుకని తాడు బ్రేకు పెట్టాం. ఇరుసుకి 10 మి.మీ. వ్యాసార్ధం ఉన్న చిన్న చెక్క పుల్లీ బిగించి, దాని మీదుగా కుట్టు దారం వేశాం. దారం ఒక కొస 20 గ్రాముల బోల్టుకి కట్టి, ఆ బోల్టుని 0.01 గ్రాము వరకు చూపే జేబు త్రాసు మీద పెట్టాం. రెండో కొసకి పేపర్ క్లిప్పులతో చిన్న బరువు వేలాడదీశాం. పుల్లీ వేలాడే వైపుకి తిరుగుతుంది కాబట్టి రాపిడి వల్ల దారం బోల్టుని పైకి లాగుతుంది, త్రాసు మీద అంకె తగ్గుతుంది.

2 గ్రాములు వేలాడదీసినప్పుడు త్రాసు 15.24 చూపించింది. 20లోంచి తీసేస్తే బోల్టు వైపు లాగుడు 4.76 గ్రాములు. రెండో వైపు లాగుడు 2 గ్రాములు. తేడా 2.76 గ్రాములు. ఆ తేడాకే ఇంజిన్ ఎదురీదుతోంది. అప్పుడు వేగం 180కి పడింది.

```
F = 0.00276 × 9.81 = 0.0271 N
T = 0.0271 × 0.010 = 0.000271 N·m
P = T × 2π × 180 / 60 = 0.0051 W
```

అంటే 5 మిల్లీవాట్లు. ఒక గ్రాము వేలాడదీస్తే వేగం 215, పవర్ 3 మిల్లీవాట్లు. మూడు గ్రాములకి వేగం 110, పవర్ 4.7. మూడున్నరకి ఆగిపోయింది. కాబట్టి మా ఇంజిన్ అత్యధికంగా ఇచ్చేది రెండు గ్రాముల దగ్గర, ఐదు మిల్లీవాట్లు. తక్కువే, కానీ చేత్తో చేసిన డబ్బా పవర్‌ని గ్రాముల్లో చూడటం నాకు చాలా నచ్చింది.

మార్చి 2

ఇంకో వైపు, లోపలికి వెళ్ళే వేడి. మొదట సులువైన దారి పట్టాం. స్పిరిట్ దీపాన్ని తూకం వేసి, పది నిమిషాలు మండించి మళ్ళీ తూచితే 2.00 గ్రాములు తగ్గింది. మేం వాడిన స్పిరిట్ గ్రాముకి సుమారు 25 కిలోజౌళ్ళు ఇస్తుందని తీసుకున్నాం. పది నిమిషాల్లో 50 కిలోజౌళ్ళు, అంటే సెకనుకి 83 జౌళ్ళు, 83 వాట్లు. 5 మిల్లీవాట్లని 83తో భాగిస్తే 0.006 శాతం.

ఇంకో మాట, దీపం వేడిగా ఉండగా స్పిరిట్ పోయకండి. పగటి వెలుగులో దాని మంట సరిగ్గా కనిపించదు. మేం దీపాన్ని ఆర్పి, చేయి పెట్టగలిగేంత చల్లారాకే నింపుతున్నాం.

సార్‌కి ఫోన్లో చెప్పాను. "ఏ వేడితో భాగించావమ్మా? మంటలో పుట్టిన వేడంతా నీ ఇంజిన్‌లోకి వెళ్ళిందా?" అన్నారు. వెళ్ళలేదు. మంట పక్కల నుంచి ఎగసిపోయే వేడిగాలి మొహానికి తగులుతూనే ఉంది. అది నా దీపం లోపం, నా ఇంజిన్ లోపం కాదు. రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తే రేపు ఇంజిన్‌ని బాగుచేసినా ఎంత బాగుపడిందో ఆ అంకెలో తేలదు.

మార్చి 8

ఇంజిన్‌లోకి ఎంత వేడి వెళ్తోందో నేరుగా కొలవడం కష్టం. కానీ ఇంజిన్‌లోంచి చల్లటి వైపుకి ఎంత వస్తోందో కొలవవచ్చు, ఎందుకంటే ఆ వైపు నీళ్ళున్నాయి. టిన్ను పై భాగం చుట్టూ, అడుగున టిన్ను పట్టేంత కన్నం కోసిన చిన్న స్టీలు గిన్నె ఉంది, దాంట్లో 240 గ్రాముల నీళ్ళు పోశాం. గిన్నె కూడా వేడెక్కుతుంది కదా, ఆ స్టీలు 10 గ్రాముల నీళ్ళతో సమానం. మొత్తం 250 గ్రాములుగా లెక్క.

ఇంజిన్‌ని రెండు గ్రాముల బరువుతో పది నిమిషాలు తిప్పి, అడుగు వేడి నిలకడగా వచ్చాక పాత నీళ్ళు సన్న గొట్టంతో లాగేసి కొత్త నీళ్ళు పోస్తాం, అప్పుడు గడియారం మొదలు. గదిలో 31 డిగ్రీలు. నీళ్ళు గది కన్నా చల్లగా మొదలై గది కన్నా వేడిగా ముగిస్తే, మొదటి సగంలో గది నుంచి వచ్చిన వేడికీ రెండో సగంలో గదికి పోయిన వేడికీ చెల్లు. దానికి ఫ్రిజ్ నీళ్ళు మరీ చల్లన. అమ్మ వంటింట్లో పెట్టిన మట్టి కుండ నీళ్ళు సరిగ్గా 28 డిగ్రీలు ఉన్నాయి! ఇంతకన్నా ఏం కావాలి.

మొదటిసారి ఐదు నిమిషాల్లో 9.8 డిగ్రీలు పెరిగింది, 34 వాట్లు. చాలా ఎక్కువ అనిపించింది. అనుమానం వచ్చి చక్రాన్ని చేత్తో పట్టుకుని ఆపేసి మళ్ళీ కొలిచాం, 7.4 డిగ్రీలు. ఇంజిన్ తిరగకపోయినా నీళ్ళు అందులో ముప్పాతిక వంతు వేడెక్కుతుంటే ఆ వేడి ఇంజిన్ గుండా రావడం లేదన్నమాట. గిన్నె అడుగున వేలు పెట్టి చూస్తే చురుక్కుమంది. మంట నుంచి లేచిన వేడిగాలి టిన్ను పక్కగా ఎగబాకి గిన్నె అడుగుని నేరుగా కాలుస్తోంది. మేం కొలిచింది ఇంజిన్‌ని కాదు, స్టవ్ మీద గిన్నెని.

మార్చి 9

గాస్కెట్ షీటు ముక్కని పెద్ద గుండ్రటి పళ్ళెంలా కోసి, మధ్యలో టిన్ను పట్టేంత కన్నం చేసి, మంటకీ గిన్నెకీ మధ్య అడ్డంగా తొడిగి, దాని కింద అల్యూమినియం ఫాయిల్ అతికించాం. ఇప్పుడు గిన్నె అడుగు చల్లగా ఉంది. మూడుసార్లు కొలిచాం, మూడుసార్లూ పక్కపక్కనే వచ్చాయి.

ఇంజిన్ తిరుగుతుంటే 5 నిమిషాల్లో 6.3 డిగ్రీలు.

```
Q = 250 × 4.18 × 6.3 / 300 = 21.9 W
```

ఇంజిన్‌ని ఆపి, డిస్‌ప్లేసర్‌ని మధ్యలో నిలిపితే 3.9 డిగ్రీలు, 13.6 వాట్లు.

ఈ రెండో కొలత చూసిన దగ్గర నుంచి నాకు నిద్ర లేదు. ఇంజిన్ ఆగి ఉన్నా నీళ్ళలోకి 13.6 వాట్లు వస్తున్నాయంటే ఆ వేడికీ ఇంజిన్ పనికీ సంబంధం లేదు. తిరిగినప్పుడు అదనంగా వస్తున్న 8.3 వాట్లే డిస్‌ప్లేసర్ ఆట వల్ల గాలి మోసుకొస్తున్న వేడి. (ఆపినప్పుడు వేడి మోసే గాలి కదలదు కాబట్టి అడుగు 240 డిగ్రీల నుంచి 255కి పెరిగింది, అందువల్ల 13.6 అనేది కొంచెం ఎక్కువే వచ్చిన అంకె. ఆ సంగతి రిపోర్టులో రాస్తున్నాం.)

మరి 13.6 ఎక్కడి నుంచి? టిన్ను గోడ. రేకు మందం 0.2 మి.మీ., చుట్టుకొలత 236 మి.మీ., అంటే వేడి నడిచే దారి అడ్డకొలత 47 చదరపు మి.మీ. మంట తగిలే అడుగుకీ నీళ్ళు మొదలయ్యే చోటుకీ మధ్య 50 మి.మీ. గోడ ఉంది. అడుగు 240, నీళ్ళ దగ్గర గోడ దాదాపు 40 డిగ్రీలు. మామూలు ఉక్కుకి వాహకత్వం 50గా తీసుకుంటే:

```
Q = k A ΔT / L = 50 × 0.000047 × 200 / 0.05 = 9.4 W
```

ఇంత పల్చటి రేకులోంచి తొమ్మిది వాట్లు! చేత్తో ముట్టుకుంటే ఏమీ లేనట్టుండే గోడ, ఇంజిన్ గాలి మోస్తున్నదానికన్నా ఎక్కువ మోస్తోంది. మిగతా నాలుగు వాట్లు లోపలి గాలి ద్వారానూ, అడుగు నుంచి డిస్‌ప్లేసర్‌కీ దాని నుంచి పైకీ రేడియేషన్‌గానూ వస్తూ ఉండాలి, అవి విడదీయలేదు.

పార్ట్‌నర్ ఇంకో ప్రశ్న వేసింది. నీళ్ళలోకి వచ్చింది చల్లటి వైపు వేడే కదా, లోపలికి వెళ్ళిన వేడి అనాలంటే చక్రం చేసిన పని కూడా కలపాలి కదా అని. కలపాలి, నిజమే. కానీ ఐదు నిమిషాల్లో ఆ పని ఒకటిన్నర జౌలు. నీళ్ళలోకి వచ్చింది 6,600 జౌళ్ళు. మా థర్మామీటర్‌లో ఒక గీత, అంటే 0.1 డిగ్రీ, 104 జౌళ్ళతో సమానం. అందుకే ఇలాంటి ఇంజిన్‌లో లోపలికి వెళ్ళిన దాంట్లోంచి బయటికి వచ్చింది తీసేసి పని కనుక్కోవడం కుదరదు. ఆ పనిని ఇరుసు దగ్గర దారంతోనే పట్టుకోవాలి.

మార్చి 11

కాలేజీలో సార్‌కి మూడు అంకెలూ చూపించాను. ఇంధనంతో భాగిస్తే 0.006 శాతం, నీళ్ళలోకి వచ్చిన వేడితో భాగిస్తే 0.023 శాతం, గాలి మోసిన వేడితోనే భాగిస్తే 0.06 శాతం. సార్ మధ్య అంకె మీద వేలు పెట్టి "ఇంజిన్ ఎఫిషియెన్సీ అంటే ఇది. గోడ లీకు నీ ఇంజిన్‌లో భాగమే, దాన్ని వదిలేస్తే నిన్ను నువ్వు మోసం చేసుకున్నట్టు" అన్నారు. మూడోది ఎందుకు మరి అంటే, "అది గోడని బాగుచేస్తే ఎంత దూరం పోగలవో చెప్తుంది" అన్నారు.

కార్నో లెక్క కూడా అడిగారు, అంటే ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య ఏ ఇంజినూ దాటలేని ఎఫిషియెన్సీ హద్దు. అడుగు 240 డిగ్రీలు అంటే 513 కెల్విన్, చల్లటి వైపు 35 డిగ్రీలు అంటే 308. ఒకటిలోంచి 308/513 తీసేస్తే 0.40, నలభై శాతం. నలభై ఎక్కడ, 0.023 ఎక్కడ. మొదట ఇదంతా రాపిడి అనుకున్నాను. రాపిడి ఉంది, కానీ దానికన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. 240 అనేది రేకు వేడి, గాలి వేడి కాదు. నిమిషానికి 180 చుట్లు అంటే అడుగు దగ్గర గాలికి దొరికేది సెకనులో ఆరో వంతు. ఆ కాస్త సమయంలో రేకుని తాకిన పొర వేడెక్కుతుంది, మిగతాది వేడెక్కకుండానే తిరిగి పైకి పోతుంది. ఎల్బో గొట్టంలో ఉన్న గాలైతే ఎప్పుడూ అడుగు మొహమే చూడదు, రబ్బరుతో పాటు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది.

పైగా వేడెక్కిన గాలి తన వేడిని తిన్నగా నీళ్ళకి ఇచ్చేస్తోంది, తర్వాత మళ్ళీ మొదటి నుంచి వేడెక్కాలి. రాబర్ట్ స్టిర్లింగ్ 1816 పేటెంట్‌లో అసలు విషయం ఇదే. గాలి పైకి పోయేటప్పుడు దారిలో తన వేడిని ఏదో ఒక లోహం దగ్గర దాచి, కిందికి వచ్చేటప్పుడు తిరిగి తీసుకోవాలి. ఆయన దానికి ఎకనమైజర్ అని పేరు పెట్టాడు, ఇప్పుడు రీజెనరేటర్ అంటున్నాం. మా ఇంజిన్‌లో ఆ పని డిస్‌ప్లేసర్ చుట్టూ ఉన్న నాలుగున్నర మి.మీ. సందు గోడలే చేయాలి, అవి చేసేది చాలా కొద్ది.

మార్చి 15, ఆటోనగర్

గోడని తెంపేద్దాం అనుకున్నాం. బాబాయి టిన్నుని సరిగ్గా 50 మి.మీ. మధ్యలో హాక్‌సా బ్లేడుతో నెమ్మదిగా కోసిచ్చాడు. "ఇంత బాగా తిరిగేదాన్ని ఎందుకు కోయిస్తున్నావే" అని రెండుసార్లు అడిగాడు పాపం. రెండు ముక్కల అంచులూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో 3 మి.మీ. మందం గాస్కెట్ షీటు రింగు పెట్టి, లోపలా బయటా సిలికాన్ పూశాం. ఆ షీటు వాహకత్వం ఉక్కుదాంట్లో వందో వంతుకన్నా తక్కువ. రేపటిదాకా ఆరనిస్తాం.

మార్చి 16

సిలికాన్ ఆరాక సబ్బు నీళ్ళ పరీక్ష, తీగ పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేశాం, లీకు లేదు. అదే దీపం, అదే వత్తి, అవే కుండ నీళ్ళు, అదే రెండు గ్రాముల బరువు. ఆపి కొలిస్తే 2.2 డిగ్రీలు, 7.7 వాట్లు. తిప్పి కొలిస్తే 4.9 డిగ్రీలు, 17.1 వాట్లు. గాలి మోసింది 9.4 వాట్లు, ముందుకన్నా ఎక్కువ, ఎందుకంటే గోడలోంచి జారిపోయే దారి మూసుకుపోవడంతో అడుగు 262 డిగ్రీలకి ఎక్కింది. వేగం 205 అయింది, పవర్ 5.8 మిల్లీవాట్లు. ఎఫిషియెన్సీ 0.034 శాతం. పాత దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు, మంట ఏమాత్రం పెంచకుండా.

లెక్క ప్రకారం గోడ లీకు 9.4 వాట్లు దాదాపు పూర్తిగా పోవాలి, కానీ తగ్గింది ఆరే. అడుగు ఇంకా వేడెక్కడం వల్ల రేడియేషన్ పెరిగింది, అది ఒకటి. కోసిన చోట గోడ వేడి గాలిలోకి దిగి, గాలి నుంచి పై ముక్కకి ఎక్కుతోంది కూడా, రింగు పక్కనే లోపలి గాలి ఉంది కదా. దీన్ని తేల్చాలంటే కోతకి పైనా కిందా వేడి కొలిచే థర్మోకపుల్స్ రెండు అతికించాలి. రేపు అదే పని.

నలభై నిమిషాలు ఆపకుండా తిప్పాక కింది అంచు దగ్గర సిలికాన్ నల్లబడింది, కాస్త వాసన కూడా వచ్చింది. ఇంకా పట్టుకునే ఉంది, సబ్బు నీళ్ళకి బుడగ రాలేదు. రింగుని ఇంకో 10 మి.మీ. పైకి, మంటకి దూరంగా జరపాలి. దాని తర్వాత డిస్‌ప్లేసర్ చుట్టూ అంట్లు తోమే స్టీలు పీచు పల్చగా చుట్టి, ఆ సందుని నిజంగా రీజెనరేటర్ చేసి మళ్ళీ తిప్పి, మళ్ళీ ఆపి, రెండు కొలతలూ తీసుకుంటాం. పీచు గోడకి రాసుకుని రాపిడి పెరిగితే దారం బ్రేకు దగ్గర వెంటనే తెలుస్తుంది.